గాజు గొట్టంలో 20 నిమిషాలు.. పాముకాటు చికిత్సకు అదే కొలబద్ద

* రక్తపింజర కాటేస్తే నెత్తురు గడ్డకట్టే గుణం కోల్పోతుంది
* విరుగుడు మందు ఎప్పుడు ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది చిన్న పరీక్షే
* తొలి పరీక్ష బాగుందని ఇంటికి వెళితే ముప్పు

నరసరావుపేట: పొద్దుగూకే వేళ మిరప చేనుకు నీరు పెట్టేందుకు వెళ్లిన రైతు కాలిపై ఏదో కరిచింది. చీకట్లో పామును చూడలేదు. కాలు మంట పుడుతోంది, మడమ వద్ద కొద్దిగా వాచింది. అంతకు మించి ఏమీ లేదు. మాట బాగానే ఉంది, నడక బాగానే ఉంది. ఆసుపత్రికి చేరిన ఆ రైతుకు విషం ఎక్కిందా, లేదా? విరుగుడు మందు ఇవ్వాలా, వద్దా? పాము చిక్కలేదు, రోగి ముఖం చూసి చెప్పలేం. ఆ సమయంలో వైద్యుడికి దారి చూపేది ఖరీదైన యంత్రం కాదు. శుభ్రమైన ఒక గాజు టెస్ట్‌ట్యూబు, అందులో రెండు మిల్లీలీటర్ల నెత్తురు, గోడ గడియారం. 20 నిమిషాల తర్వాత ఆ నెత్తురు గడ్డకట్టిందా, నీళ్లలా కదులుతోందా అన్నదే తీర్పు.

ఈ పరీక్షను వైద్య పరిభాషలో 'ఇరవై నిమిషాల సంపూర్ణ రక్త స్కంధన పరీక్ష' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనూ, మన దేశ చికిత్సా నియమావళిలోనూ దీనికి చోటుంది. మాచర్ల, గురజాల వంటి ప్రాంతాల మారుమూల పల్లెల నుంచి పెద్దాసుపత్రికి చేరాలంటే గంటలు పట్టే పరిస్థితుల్లో ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో రోగి బంధువులు కూడా తెలుసుకోవడం అవసరం.

మన చేలల్లో తిరిగే రెండు పింజరలు

మన దేశంలో ప్రాణాలు తీసే పాముకాట్లలో అధిక భాగం నాలుగు జాతులవే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మొదటి రెండింటి విషం ప్రధానంగా నరాలపై పనిచేస్తుంది. కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం వాటి లక్షణాలు. పింజరల విషం ప్రధానంగా రక్తంపై పనిచేస్తుంది. ఈ కథనం పింజరల గురించే.

రక్తపింజర బలిసిన శరీరంతో, గోధుమ రంగులో ఉంటుంది. వీపుపై నల్లటి అంచు కలిగిన అండాకారపు మచ్చలు గొలుసు మాదిరిగా మూడు వరుసల్లో కనిపిస్తాయి. కదిలిస్తే కొలిమి తిత్తి ఊదినట్లు పెద్దగా బుస కొడుతుంది. దీనిని కొండచిలువ పిల్లగా పొరబడి చేత్తో పట్టుకుని కాటుకు గురైనవారూ ఉన్నారు. ఎలుకల కోసం ఇది చేలగట్లపైకి, వాముల కిందికి, పత్తి, మిరప సాళ్లలోకి వస్తుంది. ఇది గుడ్లు పెట్టదు, ఒక్క కాన్పులో పదుల సంఖ్యలో పిల్లలను కంటుంది. ఆ పిల్లలకు పుట్టుకతోనే విషం ఉంటుంది. చిన్నపింజర అడుగు నుంచి రెండడుగులకు మించదు. పొడి నేలలు, రాతి గుట్టలు దానికి ఇష్టం. చుట్ట చుట్టుకుని పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి రంపం కోసినట్లు శబ్దం చేస్తుంది. నల్లరేగడి చేలు ఒకవైపు, సున్నపురాతి గుట్టలు మరోవైపు ఉన్న పల్నాడులో రెండింటికీ అనువైన చోట్లున్నాయి.

రక్తపింజరకు ఆంగ్లంలో ఉన్న పేరు వెనుక తెలుగు నేల ఉంది. 1780వ దశకంలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వాటిపై 1796లో గ్రంథం వెలువరించారు. స్థానికులు చెప్పిన 'కాటుక రేకుల పొడ' అన్న పేరుతోనే ఈ పామును అందులో నమోదు చేశారు. నాగుపాము తర్వాత అంతటి ప్రమాదకరమైనది ఇదేనని గుర్తించారు. తర్వాత ఆ పాముకు ఆయన పేరే స్థిరపడి 'రస్సెల్స్ వైపర్' అయింది.

గడ్డకట్టించే విషమే గడ్డకట్టనీయదు

రక్తపింజర విషం నెత్తురును 'నీళ్లు చేస్తుంది' అని పల్లెల్లో అంటారు. ఆ మాట ఫలితాన్ని సరిగానే చెబుతుంది. అయితే అది జరిగే తీరు వేరు. ఈ విషం నిజానికి మొదట రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. గడ్డకట్టించడం ద్వారానే గడ్డకట్టే శక్తిని హరిస్తుంది.

చేతికి గాయమైతే కొద్దిసేపటికి నెత్తురు ఆగిపోతుంది. రక్తంలో కరిగి ఉన్న 'ఫైబ్రినోజెన్' అనే మాంసకృత్తి సన్నని దారాలుగా మారి, వలలా అల్లుకుని, గాయాన్ని మూసివేయడమే దానికి కారణం. ఆ దారాలు అనవసరంగా అల్లుకోకుండా శరీరం కట్టుదిట్టం చేసుకుంది. ఒక అంశం మరొక అంశాన్ని, అది ఇంకొక దానిని మేల్కొలుపుతూ మెట్టుమెట్టుగా సాగితేనే చివరికి వల తయారవుతుంది. గాయం ఉన్నచోటే ఈ మెట్లు మొదలవుతాయి.

రక్తపింజర విషం ఈ మెట్ల మధ్యలోకి చొరబడుతుంది. అందులోని రెండు పదార్థాలు పదో అంశాన్ని, అయిదో అంశాన్ని నేరుగా మేల్కొలుపుతాయి. చిన్నపింజర విషం ఇంకా కింది మెట్టుపై, ప్రోత్రాంబిన్ అనే అంశంపై పనిచేస్తుంది. రెండింటి ఫలితం ఒక్కటే. ఎక్కడా గాయం లేకున్నా ఒళ్లంతటా ప్రవహించే నెత్తురులో ఫైబ్రినోజెన్ దారాలుగా మారడం మొదలవుతుంది. శరీరం వాటిని ఎప్పటికప్పుడు కరిగించుకుంటుంది. కొద్ది గంటల్లోనే నిల్వ ఉన్న ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది.

పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు వారికి సులభంగా అర్థమయ్యే పోలిక ఒకటుంది. గోడ బీటలు వారితే పూడ్చుకుందామని గోదాములో సిమెంటు బస్తాలు దాచుకున్నాం. ఒక రాత్రి గోదాములోకి నీరు చేరి బస్తాలన్నీ ఉన్నచోటే రాయిలా బిగిసిపోయాయి. తెల్లవారి గోడకు బీట కనిపిస్తే పూడ్చడానికి పిడికెడు సిమెంటు లేదు. పింజర కాటు తర్వాత శరీరం స్థితి అదే. దీనికి తోడు విషంలోని మరికొన్ని పదార్థాలు రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి. బీటలు వేసేదీ విషమే, సిమెంటును పాడుచేసేదీ విషమే. అందుకే చిగుళ్ల నుంచి, కాటు గాటు నుంచి, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో రక్తస్రావం జరుగుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఫైబ్రినోజెన్ అడుగంటిన వెంటనే రోగికి రక్తస్రావం కనిపించకపోవచ్చు. పైకి క్షేమంగా కనిపిస్తూనే రక్తం గడ్డకట్టని స్థితికి చేరి ఉండవచ్చు. కంటికి కనిపించని ఆ స్థితిని బయటపెట్టేదే గాజు గొట్టం పరీక్ష.

పరీక్ష ఎలా చేస్తారు?

కొత్తది, శుభ్రమైనది, పూర్తిగా పొడిగా ఉన్న గాజు టెస్ట్‌ట్యూబు తీసుకోవాలి. రోగి సిర నుంచి సిరంజితో తీసిన రెండు, మూడు మిల్లీలీటర్ల తాజా రక్తాన్ని అందులో పోయాలి. గొట్టంపై రోగి పేరు, రక్తం పోసిన సమయం రాయాలి. గొట్టాన్ని నిలువుగా స్టాండులో ఉంచి, గది ఉష్ణోగ్రత వద్ద 20 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. సమయం పూర్తయ్యాక ఒకే ఒక్కసారి వంచి చూడాలి. నెత్తురు ముద్దలా నిలిచిపోతే గడ్డకట్టినట్లు. గొట్టం గోడ వెంట జారితే గడ్డకట్టనట్లు. ఆరోగ్యవంతుల రక్తం సాధారణంగా పది, పదిహేను నిమిషాల్లోపే గడ్డకడుతుంది. 20 నిమిషాలకూ ద్రవంగానే ఉందంటే, కాటుకు గురైన మన ప్రాంతపు రోగిలో దానిని పింజర విషానికి రుజువుగా స్వీకరించి విరుగుడు మందు మొదలుపెడతారు. పామును చంపి తీసుకురానవసరం లేదు.

గాజు గొట్టమే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఉంది. నెత్తురు గాజును తాకినప్పుడు ఆ తాకిడే గడ్డకట్టే మెట్లలో మొదటిదాన్ని కదిలిస్తుంది. ప్లాస్టిక్కుకు ఆ గుణం లేదు. ప్లాస్టిక్ గొట్టంలో పోస్తే ఆరోగ్యవంతుడి నెత్తురు కూడా ద్రవంగానే మిగిలిపోవచ్చు. సబ్బు పొడితో కడిగిన గాజు గొట్టం విషయమూ అంతే. కంటికి కనిపించని సబ్బు పొర గాజు గుణాన్ని చెడగొడుతుంది. కాబట్టి వాడిన గొట్టాన్ని కడిగి మళ్లీ వాడరాదు. ప్రయోగశాలలో రక్త పరీక్షలకు వాడే రంగు మూతల గొట్టాలు అసలే పనికిరావు. వాటిలో అనేకం నెత్తురు గడ్డకట్టకుండా ఉండేందుకు ముందే మందు వేసినవి.

గొట్టంపై అనుమానం వస్తే తేల్చుకునే మార్గం సులువే. రోగితో వచ్చిన ఆరోగ్యవంతుడైన బంధువు నెత్తురును అదే రకం మరో గొట్టంలో పోసి పక్కన పెడతారు. 20 నిమిషాలకు బంధువు నెత్తురు గడ్డకట్టి, రోగిది గడ్డకట్టకపోతే దోషం రక్తానిది. ఇద్దరిదీ గడ్డకట్టకపోతే దోషం గొట్టానిది.

ఒక రాత్రి చికిత్స.. గంట గంటకూ ఇలా

పరీక్ష చికిత్సను ఎలా నడిపిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, నియమావళి ప్రకారం చికిత్స సాగితే ఎలా ఉంటుందో చెప్పే నమూనా. మాచర్ల సమీప గ్రామానికి చెందిన 40 ఏళ్ల రైతును సాయంత్రం 6.30 గంటలకు మడమపై పాము కాటేసిందనుకుందాం. రాత్రి 7.30కు ఆసుపత్రికి చేరారు. కాటు వద్ద రెండు గాట్లు, మడమ వరకు వాపు, మంట ఉన్నాయి. రక్తస్రావం లేదు, కనురెప్పలు వాలలేదు.

7.40కి గాజు గొట్టంలో రక్తం పోశారు. 8 గంటలకు వంచి చూస్తే గడ్డకట్టి ఉంది. బంధువులు ఊపిరి పీల్చుకుని 'ఇంటికి తీసుకెళ్తాం' అంటారు. ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. కాటు పడి గంటన్నరే అయింది. విషం కాలి కండల నుంచి ఇంకా రక్తంలోకి చేరుతూ ఉండవచ్చు. ఫైబ్రినోజెన్ నిల్వ తరుగుతూ ఉన్నా ఇంకా అడుగంటి ఉండకపోవచ్చు. గడ్డకట్టిన తొలి పరీక్షకు అర్థం 'విషం లేదు' అని కాదు, 'ఇంతవరకు నిల్వ ఉంది' అని మాత్రమే. అందుకే దేశ నియమావళి ప్రకారం తొలి మూడు గంటలు గంటకోసారి, ఆపై 24 గంటల వరకు ఆరు గంటలకోసారి పరీక్ష మళ్లీ చేయాలి.

8.40కి రెండో గొట్టం పెట్టారు. 9 గంటలకు వంచితే నెత్తురు జారిపోయింది. గాట్ల నుంచీ సన్నగా రక్తం ఊరుతోంది. ఇక సందేహం లేదు. 9.10కి పది సీసాల విరుగుడు మందును సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించారు. ఇది గుర్రాల రక్తం నుంచి తయారుచేసిన మందు కాబట్టి కొందరికి దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం సంభవించవచ్చు. అందువల్ల అడ్రినలిన్ ఇంజెక్షన్‌ను పక్కనే సిద్ధంగా ఉంచుకుని, తొలి నిమిషాల్లో వైద్యుడు, నర్సు రోగి దగ్గరే ఉంటారు.

10.10కి మందు పూర్తయింది. మళ్లీ పరీక్ష ఎప్పుడు? వెంటనే కాదు. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో, అంటే మందు మొదలుపెట్టిన ఆరు గంటలకు. అప్పుడు చూస్తే నెత్తురు ఇంకా ద్రవంగానే ఉంది. మరో పది సీసాలు ఎక్కించారు. ఉదయం 9.30కు పెట్టిన గొట్టంలో నెత్తురు ముద్దకట్టింది. గాట్ల వద్ద ఊట ఆగిపోయింది. ఇక మందు ఆపారు. మొత్తం వాడినవి 20 సీసాలు. అయినా రోగిని పంపించలేదు. కాటు చోట మిగిలిన విషం ఆలస్యంగా రక్తంలోకి చేరి స్కంధన శక్తి మళ్లీ దెబ్బతినే అవకాశం ఉన్నందున మరో 24 గంటలు ఉంచి, ఆరు గంటలకోసారి గొట్టం పెట్టి చూశారు.

ఆరు గంటలు ఎందుకు ఆగాలి?

మందు ఎక్కించగానే రక్తం ఎందుకు గడ్డకట్టదన్న అనుమానం చాలామంది బంధువులకు వస్తుంది. మందు పనిచేయలేదని వైద్యుడితో వాదనకు దిగుతారు. విరుగుడు మందు విషాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుందే తప్ప, అప్పటికే ఖర్చయిన ఫైబ్రినోజెన్‌ను తిరిగి తెచ్చిపెట్టదు. దాన్ని కాలేయం కొత్తగా తయారుచేసుకోవాలి. నెత్తురు గడ్డకట్టేంత మోతాదు సిద్ధం కావడానికి దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. గోదాములో నీటిని తోడేయడం మందు పని, కొత్త బస్తాలు తేవడం కాలేయం పని.

ఆ గడువుకు ముందే పరీక్షించి, గడ్డకట్టలేదని మళ్లీ మందు ఎక్కిస్తే అది వృథా. ఆరు గంటలు గడిచినా గడ్డకట్టకపోతే మాత్రం లోపల ఇంకా విషం మిగిలి, కాలేయం చేసిన కొత్త సరుకును కూడా ఖర్చు చేస్తోందని అర్థం. అప్పుడు మరో మోతాదు తప్పనిసరి.

పది సీసాల లెక్క కూడా గాలిలో వేసింది కాదు. ఎదిగిన రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం వదులుతుందని పరిశోధకులు కొలిచారు. పది మిల్లీలీటర్ల సీసా ఒకటి ఆరు మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని నిర్వీర్యం చేయగలదు. అంటే పది సీసాలకు 60 మిల్లీగ్రాములు, దాదాపు సగటు కాటుకు సరిపోతాయి. అయితే ఒక్కో కాటులో విషం అయిదు మిల్లీగ్రాముల నుంచి 147 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. 147ను ఆరుతో భాగిస్తే సుమారు 25 సీసాలు. ఒక రోగికి పదితో సరిపోవడం, మరొకరికి పాతిక అవసరం కావడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఎంత విషం దిగిందో ముందుగా చెప్పే సాధనం పల్లె ఆసుపత్రిలో లేదు. మోతాదు సరిపోయిందో లేదో చెప్పేది మళ్లీ ఆ గొట్టమే.

చిన్నపిల్లలకు మందు తగ్గించాలన్నది అపోహ. పాము పిల్లవాడిని చూసి తక్కువ విషం వదలదు. కాబట్టి పెద్దలకు ఇచ్చినన్ని సీసాలే పిల్లలకూ ఇవ్వాలి. మందు కలిపే సెలైన్ పరిమాణాన్ని మాత్రమే బరువును బట్టి తగ్గిస్తారు.

పరీక్ష తప్పేదెక్కడ?

ఇంత సులువైన పరీక్ష కూడా చేసే తీరును బట్టి తప్పుతుంది. రక్తపింజర కాట్లు అధికంగా ఉండే శ్రీలంకలో జరిగిన రెండు అధ్యయనాలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, సాధారణ ఆసుపత్రి పరిస్థితుల్లో చేసిన పరీక్ష రక్త స్కంధన శక్తి దెబ్బతిన్న ప్రతి పదిమందిలో సుమారు నలుగురినే పట్టుకుంది. తక్కినవారికి మందు ఆలస్యమైంది. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో, తర్ఫీదు పొందినవారు ఒకే రకం గొట్టంతో, పద్ధతి ప్రకారం చేసినప్పుడు పదిమందిలో ఎనిమిది మందిని పట్టుకుంది. నెత్తురూ, గాజూ అవే. తేడా వచ్చింది చేసే పద్ధతిలో.

తరచుగా జరిగే పొరబాట్లు కొన్నే. మధ్యలో ఆసక్తి కొద్దీ గొట్టాన్ని వంచి చూడటం, అయిదు పది నిమిషాలకే నిర్ణయానికి రావడం, సమయం రాయకుండా ఉజ్జాయింపుగా చెప్పడం, అరకొర నెత్తురు పోయడం, పాక్షికంగా కట్టిన మెత్తని ముద్దను గడ్డగా భావించడం. చివరిది ముఖ్యమైనది. గొట్టాన్ని వంచినప్పుడు ముద్ద పక్క నుంచి నెత్తురు జారుతుంటే దాన్ని 'గడ్డకట్టింది' అని రాసి వదిలేయరాదు. సందేహం ఉంటే వెంటనే కొత్త గొట్టంలో మళ్లీ చేయాలి.

పద్ధతి సరిగా ఉన్నా పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఫైబ్రినోజెన్ బాగా అడుగంటినప్పుడే నెత్తురు పూర్తిగా ద్రవంగా మిగులుతుంది. కొంత మేరకే తరిగితే గొట్టంలో గడ్డ కడుతుంది, పరీక్ష దాన్ని పట్టుకోదు. అందుకే ఒకసారి చేసి వదలకుండా మళ్లీ మళ్లీ చేయాలనేది. ప్రయోగశాల ఉన్న పెద్దాసుపత్రుల్లో ప్రోత్రాంబిన్ సమయం, ఐఎన్ఆర్ పరీక్షలు ఇంతకంటే సూక్ష్మంగా చెబుతాయి. అర్ధరాత్రి ప్రయోగశాల మూతపడిన చోట గాజు గొట్టమే ఆధారం.

గొట్టం చెప్పని విషయాలు

నాగుపాము, కట్లపాము కాటేస్తే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కాబట్టి గొట్టంలో గడ్డ కట్టినా కనురెప్పలు వాలుతుంటే, మింగడం కష్టమైతే విరుగుడు మందు అవసరమే. దక్షిణ భారతంలో రక్తపింజర కాటుకు రక్తంతో పాటు నరాల లక్షణాలూ కనిపించవచ్చు. కనురెప్పలు వాలగానే కట్లపామని నిర్ధారించి రక్త పరీక్ష మానేయడం పొరబాటు.

మూత్రపిండాల సంగతీ గొట్టం చెప్పదు. రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రక్తం గడ్డకట్టడం మొదలైన తర్వాత కూడా మూత్రం తగ్గిపోయి డయాలసిస్ అవసరమయ్యే రోగులుంటారు. ఎంత మూత్రం వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో తొలి రోజు నుంచే కొలిచి రాయడం అందుకే. కాలేయ జబ్బు ఉన్నవారిలోనూ, గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడేవారిలోనూ ఫలితం తారుమారు కావచ్చు. ఆ సంగతిని వైద్యుడికి ముందే చెప్పాలి.

కాటు పడిన చోటి నుంచి ఆసుపత్రి వరకు

నెత్తురు గడ్డకట్టదన్న ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఏం చేయకూడదో దానంతట అదే తెలుస్తుంది. కాటు చోట బ్లేడుతో కోస్తే ఆ గాయం నుంచి కారే నెత్తురు ఆగదు. నోటితో పీల్చడం, పసర్లు పూయడం, రాయి అంటించడం వల్ల కాలహరణం తప్ప ఒరిగేదేమీ లేదు. నొప్పికి ఆస్పిరిన్ వంటి మాత్రలు వేస్తే రక్తస్రావం పెరుగుతుంది. పిరుదుపై, జబ్బపై కండకు వేసే ఇంజెక్షన్లూ లోపల నెత్తురు గడ్డలు పేరుకునేలా చేస్తాయి. దారితో, తువ్వాలుతో బిగించి కట్టడమూ హాని చేస్తుంది. పింజర విషం కాలులోనే బందీ అయితే అక్కడి కండలు కుళ్లిపోతాయి. ఇప్పటికే బిగించి కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకుండా, వైద్యుడి సమక్షంలోనే విప్పించాలి.

చేయవలసినవి కొద్దివే. కాలి మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. రోగిని నడిపించకుండా, కాలు కదలకుండా కర్రతో వదులుగా కట్టి, 108కు ఫోన్ చేయాలి. కాటు పడిన సమయం గుర్తుపెట్టుకోవాలి. పాము కోసం వెతకనవసరం లేదు. దూరం నుంచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీయగలిగితే చాలు.

పల్నాడు వాసులకు ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటుంది. మాచర్ల నుంచి గుంటూరుకు సుమారు 120 కిలోమీటర్లు. ఆ దూరమంతా విషం పనిచేస్తూనే ఉంటుంది. విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా పరీక్ష చేయించి, నెత్తురు గడ్డకట్టకపోతే తొలి పది సీసాలు అక్కడే మొదలుపెట్టించిన తర్వాతే పెద్దాసుపత్రికి కదలాలి. వెళ్లేటప్పుడు ఇచ్చే చీటీలో నాలుగు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కాటు పడిన సమయం, గొట్టంలో నెత్తురు పోసిన సమయం, 20 నిమిషాలకు వచ్చిన ఫలితం, ఎన్ని సీసాల మందు ఎప్పుడు మొదలుపెట్టారన్నది. ఆ చీటీ ఉంటే అవతలి వైద్యుడు ఆరు గంటల గడువును మొదటి నుంచి లెక్కించవలసిన పని ఉండదు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. మన పల్లెల్లో ఆ లక్ష్యం నెరవేరాలంటే ప్రతి ఆసుపత్రి అత్యవసర విభాగంలో మందు సీసాలతో పాటు కొత్త గాజు గొట్టాల పెట్టె, దాని పక్కన గడియారం ఉండాలి. రోగి వెంట వచ్చినవారు అడగవలసిన ప్రశ్న కూడా ఒకటే. 'గొట్టంలో నెత్తురు ఎప్పుడు పోశారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు?'